సిజేరియన్ అయి రెండు రోజులు, గ్యాస్ కొంచెం పోతోంది, అయినా పొట్ట ఉబ్బే ఉంది. మామూలేనా?

#1 చెల్లికోసం
మా చెల్లికి మొన్న మధ్యాహ్నం సిజేరియన్ అయింది. పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డాక ఇక లాభం లేదని థియేటర్‌కి తీసుకెళ్లారు. పాప బాగుంది. ఇబ్బందంతా చెల్లి పొట్టతోనే. బిడ్డ బయటికొచ్చాక కూడా చూడ్డానికి ఏడో నెలలా ఉంది. నిన్న సాయంత్రం నుంచి రెండు మూడు సార్లు గ్యాస్ పోయింది, మోషన్ మాత్రం లేదు. తింటే ఇంకా ఉబ్బుతుందని తినట్లేదు. నడవమంటే కుట్లు ఊడతాయని భయం. రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ "గ్యాస్ పోయిందా? పోయిందిగా, మరింకేం" అని వెళ్లిపోయారు. నాకేమో చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా అయిందా?

#2 ఇద్దరుపిల్లలతల్లి
నాకు రెండు సార్లూ అయింది. గ్యాస్ నొప్పి ముందు కుట్ల నొప్పి ఎంత అనిపించింది. మూడో రోజు దానంతటదే తగ్గిపోయింది. కంగారు పడకండి.

#3 పెద్దాయన
తినకపోవడమే మంచిది. గ్యాస్ బాగా పోయి, మోషన్ అయ్యేదాకా చుక్క నీళ్లు కూడా ఇవ్వకూడదు. మా ఇంట్లో ఆపరేషన్లు అయినప్పుడు అంతే చేశారు, అందరూ బాగానే ఉన్నారు. ఇక నడక. ఎంత నడిస్తే అంత గ్యాస్ పోతుంది. మందులు అక్కర్లేదు.

#4 హెర్నియా_హీరో
నాకు హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు పొట్ట కంటే కుడి భుజం ఎక్కువ నొప్పి పుట్టింది. గుండెపోటేమో అనుకుని వార్డు మొత్తాన్ని లేపాను. తీరా చూస్తే లోపల ఊదిన గ్యాస్ అట. మీ చెల్లికి కూడా సర్జరీలో గ్యాస్ నింపి ఉంటారు, అది కరగడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

#5 నైట్‌డ్యూటీ
#4, మీది లాపరోస్కోపీ. కెమెరా పెట్టడానికి కార్బన్ డయాక్సైడ్ ఊదుతారు. అది పేగుల బయట ఉంటుంది, ఒంట్లోనే ఇంకిపోతుంది. సిజేరియన్‌లో ఏమీ ఊదరు. ఇక్కడ ఉబ్బరం పేగుల లోపల గాలి వల్ల. అందులో ఎక్కువ భాగం మనం మింగిన గాలే. నొప్పులు పడుతూ పద్నాలుగు గంటలు అరిచి, ఏడ్చి, నోటితో గాలి పీల్చిన మనిషి ఎంత గాలి మింగి ఉంటుందో ఆలోచించండి.

చెల్లికోసం, "గ్యాస్ పోయిందా" ఒక్కటే అడిగితే సరిపోదు. నేను కాన్పు వార్డులో చాలా ఏళ్లుగా చేస్తున్నా కాబట్టి అడుగుతున్నా, వీటికి జవాబు చెప్పండి. పొట్ట మీద చెయ్యి పెడితే మెత్తగా లోపలికి వెళ్తోందా, డప్పులా బిర్రుగా ఉందా? వాంతులున్నాయా? పల్స్ ఎంత? నొప్పికి ఏ ఇంజెక్షన్ ఇస్తున్నారు? యూరిన్ పైపు ఎప్పుడు తీశారు, తీశాక ఎలా వెళ్తోంది?

#6 చెల్లికోసం
ఇప్పుడే చూసొచ్చా. పొట్ట పైభాగం మెత్తగానే ఉంది, బొడ్డు కింద గట్టిగా ఉంది. వాంతి లేదు, కొంచెం వికారం ఉంది. పల్స్ 92, జ్వరం లేదు. ట్రమడాల్ ఇంజెక్షన్ రోజుకి మూడు సార్లు ఇస్తున్నారు. పైపు నిన్న ఉదయం తీశారు. యూరిన్‌కి ఏ ఇబ్బందీ లేదు, ఇంకా చెప్పాలంటే గంట గంటకీ వెళ్తోంది.

#7 కత్తి_కుట్టు
సర్జన్‌ని. ప్రసూతి నా విభాగం కాదు, కానీ ఉబ్బిన పొట్టలు చూడమని ఆ వార్డు నుంచి తరచూ పిలుస్తారు.

పొట్ట తెరిస్తే పేగులు కొంతకాలం పని మానేస్తాయి. చిన్నపేగు కొన్ని గంటల్లోనే మళ్లీ కదులుతుంది. జీర్ణాశయానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. అందరికంటే బద్ధకం పెద్దపేగుది, దానికి రెండు మూడు రోజులు. గ్యాస్ పోవాలంటే ఆ చివరివాడు లేవాలి. అయితే సిజేరియన్‌లో పేగుల్ని పెద్దగా ముట్టుకోం, అందుకే పేగు మీదే చేసిన ఆపరేషన్ కంటే త్వరగా కోలుకుంటారు. రెండో రోజు కొంచెం గ్యాస్, మోషన్ లేకపోవడం, మెత్తటి ఉబ్బరం, ఇవి నాకు భయం పుట్టించే విషయాలు కావు.

పెద్దాయన చెప్పిన ఉపవాసం మాత్రం పాతకాలపు మాట. పేగు లేచాక తిండి పెట్టాలని అప్పట్లో అనుకునేవాళ్లం. ఇప్పుడు తిండే పేగుని లేపుతుందని తెలుసు. నోట్లో ముద్ద పడి, నమిలి మింగితే కింద పేగుకి కబురు వెళ్తుంది. ఆపరేషన్ తర్వాత త్వరగా కోలుకోవడం మీద 2019లో ఈరాస్ సొసైటీ ఇచ్చిన మార్గదర్శకాల్లో, సిజేరియన్ అయిన రెండు గంటల్లోపే మామూలు ఆహారం ఇవ్వొచ్చని ఉంది. రెండు రోజులు కడుపు మాడ్చడంలో అర్థం లేదు. కాకపోతే పేగు కోసి అతికిన కేసుల్లో, లేదా ఆపరేషన్‌లో పేగుకి దెబ్బ తగిలిన కేసుల్లో ఎప్పుడు, ఏం తినాలో కోసినవాళ్లే చెప్పాలి. వాళ్లకి ఈ మాట వర్తించదు.

#8 పెద్దాయన
రెండు గంటల్లోనా! వాంతి అయితే కుట్లు చిట్లవా?

#9 కత్తి_కుట్టు
వికారం ఉన్నవాళ్లకి బలవంతంగా పెట్టమని కాదు. ముందు నాలుగు గుటకల నీళ్లు, అవి నిలిస్తే తేలిగ్గా అరిగేది కొద్దిగా, మళ్లీ రెండు గంటలకి ఇంకొంచెం. ఆకలేస్తే తినాలి, వాంతి వస్తే ఆపాలి. ఒక్క వాంతికి కుట్లు చిట్లవు. పొరలు పొరలుగా వేస్తాం. దగ్గేటప్పుడు, లేచేటప్పుడు కోత మీద దిండు అదిమి పట్టుకుంటే నొప్పి కూడా తక్కువ.

#10 నైట్‌డ్యూటీ
నేను అడగాలనుకున్నది #6 చివరి వాక్యంలో ఉంది. గంట గంటకీ యూరిన్‌కి వెళ్లడం ఇబ్బంది లేకపోవడం కాదు, అదే ఇబ్బంది. వెళ్లిన ప్రతిసారీ ఎంత వస్తోంది? ఒక గ్లాసుడా, నాలుగు చుక్కలా?

పైపు తీశాక కొందరికి మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవదు. చాలాసేపు నొప్పులు పడ్డవాళ్లలో, వెన్నులో మత్తు ఇచ్చినవాళ్లలో ఇది చూస్తూనే ఉంటాం. నిండిపోయిన తిత్తి నుంచి పైపైన కొంచెం పొంగి వస్తుంది, మనిషేమో యూరిన్ బాగానే వెళ్తోందనుకుంటుంది. బయటికి చూస్తే బొడ్డు కింద గట్టిగా ఉబ్బు. అందరూ గ్యాస్ అంటారు. నిండిన తిత్తి గర్భసంచిని పైకీ పక్కకీ నెట్టేస్తుంది. అది సరిగ్గా ముడుచుకోకపోతే బ్లీడింగ్ కూడా పెరగొచ్చు. ఇప్పుడే డ్యూటీ నర్స్‌కి చెప్పి, ఒకసారి యూరిన్ పోయించాక వెంటనే లోపల ఎంత మిగిలిందో స్కాన్ చేయించండి. స్కాన్ లేకపోతే సన్న పైపు వేసి చూస్తారు.

#11 మధ్యలో_వచ్చా
గర్భసంచి కూడా గట్టిగానే ఉంటుంది కదా. రెండో రోజు బొడ్డు కింద చేతికి తగిలేది అదే కావచ్చు.

#12 నైట్‌డ్యూటీ
కావచ్చు. రెండోరోజు అది బొడ్డు దాపులో గుండ్రంగా, గట్టిగా తగలాలి. అందుకే ఇంట్లోవాళ్లు చేత్తో నొక్కి తేల్చుకునే విషయం కాదు, చూపించండి అంటున్నా.

#13 చెల్లికోసం
వెళ్తున్నా. నిజమే, వెళ్లినప్పుడల్లా కొంచెమే వస్తోందట. నేను అడగనే లేదు.

#14 లెక్కలోడు
ఇక్కడ ఒక కేసు చెప్పకుండా ఉండలేను. మా ఆవిడది, రెండో కాన్పు. "గ్యాస్ పోతోందిగా" అన్న మాట విని నేను కూడా ఒక రోజంతా నిశ్చింతగా కూర్చున్నా.

రెండో రోజు ఉదయం పొట్ట కొంచెం ఉబ్బింది. సాయంత్రానికి ఇంకాస్త. గ్యాస్ పోతోంది. మోషన్ కాలేదని లాక్ట్యులోజ్ సిరప్ రెండు సార్లు ఇచ్చారు. మూడో రోజు ఉదయం నీళ్లలా మోషన్ కూడా అయింది, ఇక బాగుపడినట్టే అన్నారందరూ. కానీ పొట్ట తగ్గలేదు. నాకు ప్రతిదీ రాసుకునే జబ్బు ఉంది. బొడ్డు దగ్గర టేపుతో కొలిచా. ముందురోజు సాయంత్రం 96 సెంటీమీటర్లు, ఉదయం 99, మధ్యాహ్నం 103. పల్స్ 84 నుంచి 104కి, అక్కడి నుంచి 118కి పోయింది. అప్పటిదాకా పొట్టంతా తిరిగే నొప్పి కాస్తా కుడివైపు కింద ఒకేచోట కూర్చుంది. ఆ కాగితం చూపించాక గానీ ఎక్స్‌రే తీయలేదు. పెద్దపేగు కుడివైపు మొదలు 11 సెంటీమీటర్లకి ఉబ్బి ఉంది. సీటీ స్కాన్‌లో ఎక్కడా అడ్డం లేదు, చిల్లు పడలేదు. రక్తంలో పొటాషియం 2.9.

నోటికి అన్నీ ఆపేశారు. ముక్కులో గొట్టం, కింద మరో గొట్టం వేశారు. పొటాషియం ఎక్కించారు, ట్రమడాల్ ఆపేశారు. సిరప్ కూడా ఆపేశారు. తెల్లారేసరికి పెద్ద మార్పు లేదు. ఐసీయూకి మార్చి, గుండె మానిటర్ పెట్టి నియోస్టిగ్మిన్ 2 మిల్లీగ్రాములు నెమ్మదిగా ఇచ్చారు. పల్స్ మరీ పడిపోతే ఇవ్వడానికి అట్రోపిన్ పక్కనే సిరంజిలో తీసి పెట్టుకున్నారు. పావుగంటలో టైరు పంక్చర్ అయినట్టు గాలి మొత్తం పోయింది. అంత హాయైన శబ్దం నేనింతవరకు వినలేదు. ఎనిమిదో రోజు ఇంటికి పంపారు.

#15 హెర్నియా_హీరో
మీ పెళ్లిరోజుకి టేపు కానుకగా ఇవ్వాలి ఆవిడకి.

#16 లెక్కలోడు
ఇంట్లో ఆ టేపు పేరు ఎత్తితే కొడుతుంది.

#17 కత్తి_కుట్టు
#14లో జరిగినదాన్ని ఓగిల్వీ సిండ్రోమ్ అంటారు. 1948లో ఓగిల్వీ అనే బ్రిటిష్ సర్జన్ మొదట రాశారు, ఆయన పేరే నిలిచింది. పెద్దపేగులో ఏ అడ్డమూ ఉండదు, కానీ అడ్డం పడినట్టే ఉబ్బిపోతుంది. అరుదు. కాన్పు తర్వాత వచ్చేవాటిలో మాత్రం ఎక్కువ సిజేరియన్ తర్వాతే కనిపిస్తుంది, సాధారణంగా మొదటి వారంలోపే.

ఇందులో మోసం ఏమిటంటే లెక్కలోడు చెప్పిందే. గ్యాస్ పోవచ్చు, నీళ్ల మోషన్ కూడా అవొచ్చు. కిందనున్న కొంచెం బయటికి వస్తుంది, పైన గాలి పేరుకుంటూనే ఉంటుంది. పేగులో అన్నిటికంటే వెడల్పు భాగం కుడివైపు కింద ఉంటుంది, కాబట్టి గోడ మీద ఒత్తిడి అక్కడే ఎక్కువ పడుతుంది. నొప్పి అక్కడ కూర్చుందంటే గోడ బాధపడుతోందని అర్థం. ఆ భాగం 9 సెంటీమీటర్లు దాటితే మేం జాగ్రత్త పడతాం, 12 దాటితే చిల్లు పడుతుందేమోనన్న భయం మొదలవుతుంది. లాక్ట్యులోజ్ ఎందుకు ఆపారంటే, పేగులోని బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఇంకా గాలి పుట్టిస్తాయి. మామూలు మలబద్ధకానికి అది మంచి మందే. ఉబ్బుతూ పోతున్న పొట్టకి కాదు.

#18 ఇద్దరుపిల్లలతల్లి
నేను కంగారు పడొద్దని రాశా, ఇప్పుడు నాకే కంగారుగా ఉంది. నాది మామూలు గ్యాస్ అని నాకెలా తెలిసింది మరి? అదృష్టమేనా?

#19 నైట్‌డ్యూటీ
అదృష్టం కాదు. మీ నొప్పి అలలు అలలుగా వచ్చి, ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగి, గ్యాస్ పోయాక కాసేపు హాయిగా ఉండేది కదా? పొద్దుటి కంటే సాయంత్రం కొంచెం నయంగా ఉండేది. ఆకలి వేసేది. చెడ్డ పొట్ట దీనికి ఎదురు నడుస్తుంది. గ్యాస్ పోయినా తేలిక ఉండదు, ప్రతి పూటకీ బిర్రు పెరుగుతుంది, మనిషి నీరసించి తిండి అంటే మొహం తిప్పుకుంటుంది. పొట్ట ఈ పూట ఎంత ఉంది అనే దాని కంటే, పొద్దుటికీ ఇప్పటికీ ఎటు పోతోంది అన్నదే చూడాలి.

టేపు మీద నాకు అంత నమ్మకం లేదు. ఒక్కో మనిషి ఒక్కో చోట పెడతారు, ఊపిరి తీసినప్పుడు ఒక లెక్క, వదిలినప్పుడు ఒక లెక్క. కొలవాలంటే పెన్నుతో గీత పెట్టి అక్కడే కొలవాలి.

#20 లెక్కలోడు
గీత పెట్టే కొలిచా. టేపు లేకపోతే ఆ ఎక్స్‌రే అయ్యేదే కాదు.

#21 కత్తి_కుట్టు
ఇద్దరిలో ఎవరి పక్షం అంటే, నేను పల్స్ పక్షం. టేపు తప్పు చెప్పొచ్చు. జ్వరం, నొప్పి, రక్తం పోవడం వల్ల కూడా పల్స్ పెరుగుతుంది, నిజమే, కానీ అవేవీ వదిలేసేవి కావు కదా. కదలకుండా పడుకున్న మనిషికి పల్స్ 100 దాటి నిలబడి ఉంటే, ఆకుపచ్చ వాంతి అయితే, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, చెయ్యి ఆనిస్తేనే ఉలిక్కిపడుతుంటే, జ్వరం తోడైతే, ఊపిరి ఆడకపోతే, రౌండ్స్ దాకా ఆగొద్దు. రాత్రి రెండింటికైనా డ్యూటీ డాక్టర్‌ని లేపండి. "పొట్ట ఉబ్బింది" అంటే వెళ్లి పడుకుంటారు. "పల్స్ 118, కుడివైపు కింద నొప్పి" అంటే లేచి వస్తారు.

ఇంటికి వెళ్లాక ఇవి వచ్చినా అంతే. వెనక్కి తీసుకురావాలి.

#22 మధ్యలో_వచ్చా
భుజం నొప్పి సంగతి మధ్యలో వదిలేశారు. మా వదినకి సిజేరియన్ తర్వాత కూడా భుజం లాగింది, గాలి ఊదరంటున్నారుగా?

#23 కత్తి_కుట్టు
పొట్ట తెరిచినప్పుడు కొంత గాలి, కొంత రక్తం, నీరు లోపల మిగిలిపోయి ఊపిరితిత్తుల కింద పొరని తాకుతాయి. ఆ పొరకి వెళ్లే నరం, భుజానికి వెళ్లే నరాలు మెడలో ఒకేచోట నుంచి వస్తాయి, అందుకే నొప్పి భుజంలో తెలుస్తుంది. చాలావరకు తగ్గిపోతుంది. భుజం నొప్పితో పాటు ఆయాసం, ఛాతీలో పోటు, తల తిరగడం ఉంటే మాత్రం దాన్ని గ్యాస్ అనకండి. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కావచ్చు, లోపల రక్తం పోతుండొచ్చు.

#24 పెద్దాయన
తిండి విషయంలో ఒప్పుకున్నా. నడక మాటైనా సరైనదేనా?

#25 కత్తి_కుట్టు
సగం. నడిస్తే పేగు త్వరగా లేస్తుందని గట్టి రుజువు లేదు. అయినా మేమెందుకు నడిపిస్తామంటే, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా, ఊపిరితిత్తులు బాగా విచ్చుకునేలా. నడిచాక గ్యాస్ కదిలి హాయిగా ఉందని చాలామంది చెబుతారు, కాదనను. కానీ ఓగిల్వీ పొట్టని వార్డు చుట్టూ పది రౌండ్లు తిప్పినా తగ్గదు, ఆలస్యం అవుతుంది అంతే.

#26 నైట్‌డ్యూటీ
నేను దీంతో పూర్తిగా ఏకీభవించను. పుస్తకంలో రుజువు ఉన్నా లేకపోయినా, ఇరవైమందిని నడిపిస్తే పదిహేనుమందికి కారిడార్ చివరికి వెళ్లేలోపే గ్యాస్ పోతుంది. వెనక నడిచేది నేను, నాకు తెలుసు.

ఎలా అంటే, కాళ్లలో తిమ్మిరి పూర్తిగా పోయాక, ఆపరేషన్ అయిన రోజే మొదలు. నిటారుగా లేవకూడదు. పక్కకి దొర్లి, మోకాళ్లు మడిచి, చేత్తో మంచాన్ని నొక్కి లేవాలి. అంచున కాళ్లు వేలాడేసి రెండు మూడు నిమిషాలు కూర్చోవాలి. మొదటిసారి కళ్లు తిరుగుతాయి, ఎవరైనా పట్టుకోవాలి. బాత్రూమ్ దాకా వెళ్లి వస్తే మొదటి నడక అయినట్టే. పాపని ఎత్తుకుని మొదటి నడక వద్దు.

#27 హెర్నియా_హీరో
చూయింగ్ గమ్ నమిలితే గ్యాస్ పోతుందని నాకు చెప్పారు. గాలి మింగడం తప్పంటున్నారు, మరి గమ్ నమిలితే గాలి మింగమా? ఏదో ఒకటి చెప్పండి.

#28 కత్తి_కుట్టు
మంచి ప్రశ్న. గమ్ దొంగ భోజనం. దవడ ఆడుతుంది, లాలాజలం ఊరుతుంది, పేగు తిండి వస్తోందనుకుని కదులుతుంది. సిజేరియన్ తర్వాత అరగంట చొప్పున రోజుకి మూడు సార్లు నమిలినవాళ్లకి గ్యాస్ కొన్ని గంటలు ముందే పోయిందని అధ్యయనాలున్నాయి. కాస్త గాలి మింగినా లాభమే ఎక్కువ. కానీ నిజం భోజనం చేస్తున్నవాళ్లకి దొంగ భోజనంతో అదనంగా ఒరిగేది తక్కువ. నురగ డ్రింకులు, స్ట్రాతో తాగడం మాత్రం మానేయొచ్చు.

#29 చెల్లికోసం
అప్‌డేట్. యూరిన్ పోయించాక స్కాన్ చేశారు. లోపల ఇంకా 800 మిల్లీలీటర్ల పైన ఉంది! పైపు మళ్లీ వేశారు, రేపటిదాకా ఉంచుతారట. పైపు వేసిన పది నిమిషాల్లో బొడ్డు కింద గట్టితనం పోయింది, "పొట్టలో సగం బరువు దిగింది" అంది చెల్లి. వికారం కూడా తగ్గింది. పల్స్ 84. మిగిలింది మెత్తటి గ్యాస్ ఉబ్బరమే అని డాక్టర్ పొట్టంతా తాకి చూసి చెప్పారు. ట్రమడాల్ ఆపి, పారాసిటమాల్, ఇంకో నొప్పి మందు టైమ్ ప్రకారం ఇస్తున్నారు. సాయంత్రం కొంచెం తినింది.

#30 నైట్‌డ్యూటీ
హమ్మయ్య. పైపు తీశాక మొదటి రెండు మూడు సార్లు ఎంత వచ్చిందో కొలిచి రాయించండి. ఐరన్ మాత్రలు మొదలుపెట్టారా? అవి కూడా మోషన్‌ని గట్టి చేస్తాయి, అడగండి. మోషన్‌కి ముక్కుతూ కూర్చోవద్దని చెప్పండి.

#31 మధ్యలో_వచ్చా
అంటే ఉబ్బరానికి కారణం ట్రమడాలా, యూరినా?

#32 కత్తి_కుట్టు
రెండూ ఒకేసారి మార్చారు కాబట్టి ఎవరూ చెప్పలేరు. ట్రమడాల్ లాంటి మందులు పేగునీ మందగింపజేస్తాయి, మూత్రాశయాన్నీ మొద్దుబారుస్తాయి.

#33 చెల్లికోసం
మూడో రోజు. పొద్దున పైపు తీశారు. రెండు సార్లు వెళ్లింది, 300, 350 వచ్చింది. మధ్యాహ్నం మోషన్ అయింది. పొట్ట ఇంకా ఐదో నెలలా ఉంది, కానీ అది గర్భసంచి, కొవ్వు, సాగిన చర్మం అట, దానికి వారాలు పడుతుందన్నారు. కారిడార్‌లో నాలుగు రౌండ్లు వేసింది. మూడో రౌండ్‌లో నేను వెనక నడవడం మానేశా.

#34 లెక్కలోడు
రౌండ్లు రాసుకున్నారా?

#35 చెల్లికోసం
రాసుకున్నా.